సీసాలో ఎన్ని గింజలు? బహుమతి తీసేశాకే అంచనా మొదలైంది

మూడేళ్ళ క్రితం డిసెంబరు 22న, గణిత దినోత్సవానికి, మా స్కూలు వరండాలో ఒక బల్ల వేసి దాని మీద పెద్ద గాజు సీసా పెట్టాం. నిండా శనగలు. పక్కన అట్ట ముక్క మీద "ఎన్ని ఉన్నాయో చెప్పండి, పెన్సిల్ బాక్సు గెలుచుకోండి" అని రాశాం. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలందరూ చీటీల మీద సంఖ్యలు రాసి డబ్బాలో వేశారు. సాయంత్రం చీటీలు విప్పి చూస్తే అందరికంటే దగ్గరగా రాసింది నా రెండో తరగతి పిల్లవాడే. నాకు పట్టరాని సంతోషం. చప్పట్లు అయ్యాక వాణ్ణి పక్కకు పిలిచి, "ఎలా చెప్పగలిగావు నాన్నా?" అని అడిగాను.

"అది మా నాన్న బండి నంబరు టీచర్" అన్నాడు.

వాడి తప్పేం లేదు. ఆ సీసాలో నాలుగు వేలకు పైగా శనగలున్నాయి. ఏడేళ్ళ పిల్లవాడికి నాలుగు వేలంటే ఎంతో ఎలా తెలుస్తుంది? వాడు రోజూ చూసే నాలుగంకెల సంఖ్య ఇంటి ముందు నిలబెట్టిన బండి మీద ఉంది. దాన్నే రాశాడు. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. అసలు ఆ శనగలు ఎన్నో మాకెలా తెలిసింది? మేమూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టలేదు. వంద శనగలు ఏరి, కిరాణా కొట్టు కాటాలో తూచాం. తర్వాత సీసాలోవన్నీ తూచి, అలాంటి వందలు అందులో ఎన్నున్నాయో చూశాం. అంటే ఆ రోజు మా స్కూల్లో నిజంగా అంచనా వేసింది ఇద్దరు టీచర్లం. ఆలోచించే దారి మా దగ్గర ఉంచుకుని, పిల్లలకు చీటీలు మాత్రం ఇచ్చాం.

అప్పటినుంచి రెండో తరగతిలో ఈ ఆటను వేరేగా ఆడిస్తున్నాను. నా వాదన ఇది: దగ్గరగా చెప్పినవాళ్ళకు బహుమతి ఇవ్వడం మానేయాలి. ఒక్కసారి చెప్పించి వదిలేయకుండా, ఒకే సీసాకు మూడుసార్లు అంచనా రాయించాలి. ప్రతిసారీ పిల్లల చేతికి కొత్త ఆధారం ఒకటి అందాలి. మొదటి సంఖ్య నుంచి మూడో సంఖ్య దాకా వాళ్ళు ఎలా కదిలారో కాగితం మీద కనిపించాలి. ఆట ఆ కదలికలోనే ఉంది.

మనకు కాకిలెక్క అనే మాట ఉంది, ఉజ్జాయింపు అనే మాటా ఉంది. రెండూ కచ్చితమైన లెక్కలు కావు. కానీ కాకిలెక్క చెప్పినవాణ్ణి "ఎలా?" అని అడిగితే జవాబు రాదు. పెళ్ళి వంటల మేస్త్రీని అడిగి చూడండి. ఎంతమంది వస్తారో చెప్పగానే బియ్యం ఎన్ని కిలోలు కావాలో ఆయన చెప్పేస్తాడు. కిలో బియ్యం ఎందరికి సరిపోతుందో ఆయనకు చేతిలెక్క. తెలిసిన చిన్న కొలతను పట్టుకుని తెలియని పెద్దదాన్ని కొలవడమే ఉజ్జాయింపు. ఏడేళ్ళ పిల్లలకు నేర్పగలిగింది, నేర్పాల్సింది ఇదే.

ఎంత సీసా, ఏ గింజ

ముందు సీసా మార్చాను. ఇప్పుడు వాడేది 100 మిల్లీలీటర్ల తేనె సీసా, ఒకే రకంవి రెండు. గోడలు నిలువుగా, నున్నగా ఉండాలి. నడుం సన్నగా ఉన్నవి, పలకలు తేలిన గాజువి పనికిరావు. గింజలు రాజ్మా. ఎర్రగా బయటికి బాగా కనిపిస్తాయి, చిన్న వేళ్ళకు దొరుకుతాయి, శనగల్లా బల్ల మీంచి దొర్లిపోవు. పల్లెల్లో చింతపిక్కలు ఉచితంగా దొరుకుతాయి, అవీ చక్కగా పనికొస్తాయి. గురివింద గింజలు మాత్రం ఎంత అందంగా ఉన్నా బడిలోకి రానివ్వకండి. అవి విషం. పచ్చి రాజ్మా కూడా నోట్లో పెట్టుకోకూడదని మొదటిరోజే చెప్పాలి. ఇంట్లో ఆడించేవాళ్ళు చంటిపిల్లలకు అందకుండా చూసుకోవాలి. ముక్కులో గింజ దూర్చుకోవడం ఏడేళ్ళ వాళ్ళకూ కొత్త కాదు, అందుకే ఆట అయ్యాక గింజలన్నీ తిరిగి సీసాలోకి చేరాయో లేదో చూస్తాను.

చిన్న సీసా ఎందుకంటే, అంచనా వేయాల్సిన సంఖ్య పిల్లల చేతికందే దూరంలో ఉండాలి. రాబర్ట్ సీగ్లర్, జాన్ ఆప్ఫర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన ఒకటుంది. పిల్లలకు ఒక ఖాళీ గీత ఇచ్చి, ఎడమ కొస సున్నా, కుడి కొస వెయ్యి అని చెప్పి, ఫలానా సంఖ్య ఎక్కడుంటుందో గుర్తు పెట్టమన్నారు. రెండో తరగతి పిల్లలు చిన్న సంఖ్యలను ఎడంఎడంగా పెట్టి, పెద్ద సంఖ్యలన్నిటినీ కుడివైపు కిక్కిరిసేలా పెట్టారు. అదే వయసు పిల్లలకు గీత సున్నా నుంచి వంద దాకానే అని చెబితే గుర్తులు చాలావరకు సమాన దూరాల్లో పడ్డాయి. గీత వేరు, సీసా వేరు, నిజమే. కానీ నా తరగతిలో చూసింది దీనికి దగ్గరగానే ఉంది. నలభై గింజల సీసా చూపిస్తే ముప్పై, యాభై, ముప్పై ఐదు అంటారు. ఐదొందల గింజలు చూపిస్తే "వెయ్యి" అంటారు, "లక్ష" అంటారు. అక్కడ వెయ్యి సంఖ్య కాదు, "చాలా" అన్న మాటకు మారుపేరు.

అందుకని మొదటి వారం అదే తేనె సీసాలో నలభై దాకా గింజలు పోస్తాను. రెండో వారం ఎనభై దాకా. మూడో వారం మెడ కిందివరకూ. ఈ ఏడాది మూడో వారం సీసాలో 138 పట్టాయి. ఆ రోజు ఏం జరిగిందో వివరంగా చెప్తాను.

మొదటి సంఖ్య: నోరు మూసుకుని రాసేది

తరగతిలో ఇరవై ఎనిమిది మంది. సీసాను బల్ల మీద రెండుసార్లు మెల్లగా తట్టి పెట్టాను. తట్టకపోతే గింజలు గుల్లగా ఉంటాయి. తర్వాత ఎవరైనా ఊపితే మట్టం దిగిపోయి, "టీచర్, గింజలు తగ్గాయి" అంటారు. సీసాను వరసల మధ్య తిప్పాను, కానీ ఎవరి చేతికీ ఇవ్వలేదు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు. ఎవరి కాగితం మీద వాళ్ళు తోచిన సంఖ్య రాయాలి.

ఈ మౌనం విషయంలో నేను గట్టిగా ఉంటాను. మొదటి ఏడాది పైకి చెప్పించాను. ముందు బెంచీలో ఒకడు "వంద" అన్నాడు. అంతే, తరగతంతా వంద, నూటొకటి, తొంభై తొమ్మిది. ఇరవై ఎనిమిది అంచనాలు కాస్తా ఒక్క అంచనా అయిపోయాయి. ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దు మాంసం బరువు ఎంతుంటుందో చెప్పమని పందెం పెడితే జనం రాసిన చీటీలను బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ తీసుకుని లెక్కలు వేసి 1907లో ప్రచురించాడు. పనికొచ్చే చీటీలు 787. వరసలో సరిగ్గా మధ్యన పడ్డ చీటీ 1207 పౌండ్లు, అసలు బరువు 1198. అంత దగ్గరగా రావడానికి ఒక కారణం ఎవరి చీటీ వాళ్ళు రాసుకోవడం. కొందరు ఎక్కువగా, కొందరు తక్కువగా పొరబడితే ఆ తప్పులు ఒకదాన్నొకటి తినేస్తాయి. అందరూ ఒకే గొంతును అనుసరిస్తే అందరి తప్పూ ఒకే వైపు పోతుంది.

ఆ రోజు మొదటి సంఖ్యలు ఎక్కువగా నలభైకీ డెబ్బైకీ మధ్య వచ్చాయి. ఇద్దరు వంద దాటారు, ఒకమ్మాయి ఐదొందలు రాసింది. నలభై నుంచి డెబ్బై దాకా రాసినవాళ్ళ వేళ్ళు గమనిస్తే కారణం తెలిసిపోతుంది. సీసా వాళ్ళ ముందు ఆగినప్పుడు వేలు గాల్లో ఆడిస్తూ, గాజుకు ఆనుకుని కనిపించే గింజలను లెక్కపెడుతున్నారు. లోపల ఉన్నవి లెక్కలోకి రాలేదు. ఈ వయసులో అందరికంటే ఎక్కువగా ఎదురయ్యే పొరపాటు ఇదే, "ఇంకా బాగా ఆలోచించు" అంటే పోదు.

నేను చెప్పడానికి ముందే కిటికీ పక్కన కూర్చునే పిల్ల చెప్పింది. పక్కవాడు "నేను లెక్కపెట్టాను, యాభై రెండు" అన్నాడు. ఆ పిల్ల "నువ్వు బస్సులో కిటికీ పక్కవాళ్ళనే లెక్కపెట్టావు, మధ్యలో నిలబడ్డవాళ్ళేరీ?" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. ఆ రోజు నుంచి మా తరగతిలో దీని పేరు "కిటికీ లెక్క".

రెండో సంఖ్య: ఇరవై గింజలు, ఒక వేలు

ఇప్పుడు రెండో తేనె సీసా బయటికి తీశాను, ఖాళీది. అందరూ గట్టిగా లెక్కపెడుతుండగా అందులో ఇరవై గింజలు వేసి తట్టి, నిండు సీసా పక్కన పెట్టాను. ఇరవై గింజలు అడుగు నుంచి దాదాపు ఒక వేలి మందం ఎత్తు వచ్చాయి. "మరి నిండు సీసాలో ఇలాంటి వేళ్ళు ఎన్ని?" ఇక్కడ మాత్రం ఒక్కొక్కరినీ పిలిచి, వేలు అడ్డంగా ఆనించి, ఒకదాని మీద ఒకటిగా కొలవనిచ్చాను. ఇద్దరిద్దరుగా వస్తే ఒకరి వేలి మీద ఇంకొకరు వేలు పెట్టుకుంటూ పైకెళ్తారు, వాళ్ళకదో ఆట.

గుణకారం ఇంకా రాని వయసు కాబట్టి ఇరవైలు కూడుకుంటూ పోతాం. ఇరవై, నలభై, అరవై, ఎనభై, నూరు, నూట ఇరవై, నూట నలభై. ఏడు వేళ్ళు వచ్చినవాళ్ళకు నూట నలభై. వేళ్ళు కాస్త లావుగా ఉన్నవాళ్ళకు ఆరే వచ్చి నూట ఇరవై దగ్గర ఆగారు. సన్నటి వేళ్ళ పిల్ల ఒకతె ఎనిమిది కొలిచి నూట అరవై అంది. కొద్దిసేపు వాదన జరిగింది. ఎవరి వేలితో కొలిస్తే సరైనది? ఇరవై గింజల ఎత్తు ఎవరి వేలితో సరిగ్గా సమానంగా ఉందో వాళ్ళ వేలితో, అని పిల్లలే తేల్చారు. కొలిచే పనిముట్టును ముందు చిన్న కొలతతో సరిచూసుకోవాలన్న సంగతి అలా వచ్చింది, నేను పాఠంగా చెప్పలేదు.

మొదటి ఏడాది ఇరవైకి బదులు పది గింజలే వేసేదాన్ని. పదులు కూడడం పిల్లలకు తేలిక కదా అని. తరగతిలో చాలామందికి డెబ్బై వచ్చింది. ఎక్కడ పొరపాటు జరిగిందో నాకు చాలాసేపు అంతుపట్టలేదు. పది గింజలు ఆ సీసా అడుగును కూడా పూర్తిగా కప్పవు. మధ్యలో ఖాళీలుంటాయి, ఒకటి రెండు గింజలు నిలువుగా నిలబడి ఎత్తుగా కనిపిస్తాయి. పిల్లలు ఆ నిలబడ్డ గింజ కొసను చూసి "ఒక వేలు" అన్నారు. నమూనా గింజలు మరీ తక్కువైతే వాటికి మట్టమే ఉండదు. మీ సీసా వేరేదైతే ఈ ఒక్కటీ చూసుకోండి: పై నుంచి చూసినప్పుడు అడుగు గాజు కనిపించకూడదు. కనిపిస్తుంటే ఇంకో పది వేయండి.

ఇంకో చిక్కు మెడ దగ్గర. గింజలు మెడలోకి వెళ్ళేలా నింపితే అక్కడ సీసా సన్నం, కానీ పిల్లలు దాన్నీ పూర్తి వేలుగానే లెక్కిస్తారు. అందుకే మెడ కిందే ఆపుతాను. నాలుగో ఐదో తరగతి వాళ్ళయితే కావాలనే మెడ దాకా నింపి ఇవ్వొచ్చు.

మూడో సంఖ్య: సగం బయటపడ్డాక

తర్వాత దాదాపు సగం అనిపించేదాకా గింజలను పళ్ళెంలోకి వంపాను. నలుగురేసి పిల్లలు వచ్చి పదేసి గింజలను ఒక్కో సీసా మూతలో పెట్టారు. సోడా మూతలు, నీళ్ళ సీసాల మూతలు ఏడాదంతా పోగేసి ఉంచుతాం. ఆరు మూతలు నిండి నాలుగు మిగిలాయి. అరవై నాలుగు. సీసాలో మిగిలినవి సగం కంటే కాస్త ఎక్కువగానే కనిపిస్తున్నాయి. "ఇప్పుడు మొత్తం ఎన్ని అనుకుంటున్నారు?"

కిటికీ పిల్ల అరవై నాలుగూ అరవై నాలుగూ కలిపి నూట ఇరవై ఎనిమిది అని, కాసేపు ఆలోచించి నూట ముప్పై ఐదు రాసింది. "మిగిలింది ఎక్కువ కదా టీచర్." ఆట మొత్తంలో నేను ఎదురుచూసేది ఈ ఘట్టం కోసమే. లెక్కకు వచ్చిన జవాబును కంటితో చూసి సర్దుకోవడం.

చాలామంది మూడో సంఖ్య నూట ఇరవై నుంచి నూట యాభైలోపు పడింది. ఒకడు మాత్రం అరవై నాలుగు లెక్కపెట్టాక కూడా డెబ్బై అని రాశాడు. వాడికేమీ అర్థం కాలేదనుకుని దగ్గరకెళ్ళి అడిగాను. "లోపల ఉన్నవి డెబ్బై టీచర్" అన్నాడు. వాడు మిగిలినవాటిని అంచనా వేశాడు. అసలు అవి డెబ్బై నాలుగు! తరగతిలో బాగా దగ్గరగా వచ్చిన అంచనాల్లో వాడిదీ ఒకటి, నా ప్రశ్నే వాడికి వేరేగా వినబడింది. అందుకే ఇప్పుడు కాగితం మీద "మొత్తం" అన్న మాటను పెద్ద అక్షరాలతో రాస్తాను. మూడో సంఖ్య అప్పటికే లెక్కపెట్టినదాని కంటే తక్కువగానో, దానికి అతుక్కునో ఉంటే ముందు ఆ పిల్లను అడగండి. సగంసార్లు ఇదే కారణం.

చివరికి మిగతావి కూడా మూతల్లోకి చేరాయి. పది మూతలను ఒక పెద్ద పళ్ళెంలోకి జరిపితే వంద. పక్కన మూడు మూతలు, ఎనిమిది విడి గింజలు. నూట ముప్పై ఎనిమిది. సంఖ్యను మూడుసార్లు తెలుగులోనే పలికిస్తాను. ఇంగ్లీషులో లెక్కపెట్టే పిల్లలు థర్టీన్, థర్టీ మధ్య తడబడి 30కి బదులు 13 రాసేస్తారు. అది అంచనా తప్పో వినికిడి తప్పో కాగితం చూస్తే తెలియదు. పదమూడు, ముప్పై అంటే ఆ గొడవ లేదు.

కాగితం

నేను వాడే కాగితం ఇలా ఉంటుంది. చేత్తో గీసి జిరాక్సు తీయించినదే.

పేరు: ............ తేదీ: ............
సీసా బొమ్మ (గింజలు ఎక్కడిదాకా ఉన్నాయో గీత గీసి రంగు వేయి)

1. చూడగానే అనిపించింది: ............
2. ఇరవై గింజలు చూశాక, మొత్తం: ............
నా సీసా ఎత్తు: ............ వేళ్ళు
3. సగం లెక్కపెట్టాక, మొత్తం: ............
............ కంటే తక్కువ ఉండవు. ............ కంటే ఎక్కువ ఉండవు.

అసలు లెక్క: వందలు ...... పదులు ...... ఒకట్లు ......
మూడింటిలో ఏది దగ్గర? దాని చుట్టూ సున్నా చుట్టు.
అక్కడి నుంచి అసలు లెక్కకు ఎన్ని అడుగులు? ............

ఇందులో ప్రతి గీతకూ ఒక కథ ఉంది. అన్నీ చెప్పను, మూడు చెప్తాను.

మొదటిది, దీన్ని పెన్సిలుతో రాయనివ్వను. స్కెచ్ పెన్నుతోనే రాయాలి. పెన్సిలు ఇస్తే 138 అని బోర్డు మీద పడగానే రబ్బర్లు బయటికొస్తాయి. మొదటి రెండు సంఖ్యలు చెరిపి 138, 138, 138 అని రాసుకుని నవ్వుతూ చూపిస్తారు. మనం వాళ్ళకు రెండేళ్ళుగా నేర్పింది అదే కదా, తప్పు కనిపిస్తే చెరిపెయ్ అని. ఈ కాగితం మీద 50 అన్నది తప్పు కాదు, ప్రయాణం మొదలైన ఊరు. స్కెచ్ పెన్ను ఇచ్చాక మొదటి రోజు ఒక పిల్ల ఏడ్చింది. నేను నా సొంత కాగితం తీసి చూపించాను. నా మొదటి అంచనా 190. ఏడుపు ఆగింది. టీచరు కూడా నిజంగా అంచనా వేయాలి కాబట్టి, ఆ సీసాను ఎవరో ఒక తోటి టీచరు నింపితే మంచిది.

రెండోది, "కంటే తక్కువ ఉండవు, కంటే ఎక్కువ ఉండవు" అన్న గీత. ఒక్క సంఖ్య అడిగితే పిల్లలకు సరిగ్గా చెప్పాలన్న టెన్షన్ ఉంటుంది. రెండు హద్దులు అడిగితే అది పోతుంది. అరవై నాలుగు ఇప్పటికే లెక్కపెట్టాం కాబట్టి అరవై నాలుగు కంటే తక్కువ ఉండవు అని ధైర్యంగా రాసే పిల్లలు ఉంటారు. కొందరు "1 కంటే తక్కువ ఉండవు, 1000 కంటే ఎక్కువ ఉండవు" అని రాస్తారు. అది తప్పు కాదు. "నిజమే, కానీ ఇంకా దగ్గరికి తేగలవా?" అని అడిగితే కిందా పైనా గోడలు జరుపుతూ వస్తారు. ఎప్పటిదాకా జరపొచ్చు, ఎక్కడ భయమేస్తుంది అన్నది వాళ్ళ మొహంలో కనిపిస్తుంది.

మూడోది, ఎన్ని అడుగులు అన్న ప్రశ్న. 138లోంచి 120 తీసేయమంటే రెండో తరగతి పిల్లలు అంకెల కింద అంకెలు వేసుకుని తంటాలు పడతారు, అంచనా సంగతి మరిచిపోతారు. అందుకని నేల మీద సుద్దతో పదుల గళ్ళు గీసి గెంతమంటాను. నూట ఇరవై నుంచి నూట ముప్పైకి ఒక పెద్ద గెంతు, అక్కడి నుంచి ఎనిమిది చిన్న అడుగులు. పద్దెనిమిది. దీనికీ ఒక పరిమితి ఉంది. 138లో పద్దెనిమిది తేడా మంచి అంచనా. మొదటి వారం నలభై గింజల్లో పద్దెనిమిది తేడా వస్తే అది చాలా దూరం. అడుగుల లెక్క ఈ రెండిటినీ ఒకేలా చూపిస్తుంది. శాతాలు రాని పిల్లలకు దీన్ని లెక్కలో చెప్పలేం. అందుకే ఈ వారం అడుగులను పోయిన వారం అడుగులతో పోల్చనివ్వను. ఒకే కాగితం మీది మూడు సంఖ్యలనే పోల్చుకోవాలి.

మొదట్లో చివరన "వచ్చేసారి ఏం చేస్తాను?" అన్న గీత కూడా ఉండేది. అందరూ "బాగా చేస్తాను" అని రాసేవాళ్ళు. తీసేశాను.

పొడుగు సీసా, పొట్టి గిన్నె

నాలుగో వారం ఒక చిన్న మార్పు. అవే 138 గింజలను అందరి ముందూ వెడల్పాటి గాజు గిన్నెలోకి పోస్తాను. ఒక్కటీ కింద పడలేదని అందరూ చూస్తారు. "ఇప్పుడు ఎన్ని?" ఆలోచించాల్సిన పనే లేదని పెద్దవాళ్ళకు అనిపిస్తుంది. కానీ ప్రతి ఏడాదీ నలుగురైదుగురు "తగ్గాయి" అంటారు. ఎత్తు తగ్గింది కదా. స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే పిల్లల ముందు నీళ్ళను ఒక గ్లాసులోంచి వేరే ఆకారం గ్లాసులోకి పోసి అడిగిన ప్రశ్న ఇదే. ఆకారం మారినా మొత్తం మారదన్న నమ్మకం సుమారు ఏడేళ్ళ వయసులో కుదురుకుంటుందని ఆయన అన్నాడు. అంటే మన రెండో తరగతిలో కుదిరినవాళ్ళూ ఉంటారు, కుదరనివాళ్ళూ ఉంటారు.

ఇది తెలియడం అంచనా ఆటకు అవసరం. ఈ నమ్మకం ఇంకా కుదరని పిల్లకు వేళ్ళతో ఎత్తు కొలిచే పద్ధతి ఒక్కటే నేర్పితే, ఎత్తే సంఖ్య అని స్థిరపడిపోతుంది. గిన్నెలో ఇరవై గింజలు పోస్తే అవి అడుగంతా పరుచుకుని ఒక పొరగానే ఉంటాయి, వేలు మందం కూడా రావు. "మరి ఇక్కడ వేలు లెక్క పనిచేస్తుందా?" అని అడగాలి. గిన్నెకు కొత్తగా కొలత కట్టుకోవాలి. ఆ నలుగురైదుగురికి నేను జవాబు చెప్పను. గింజలను వాళ్ళ చేతనే తిరిగి సీసాలోకి పోయిస్తాను, పాత గీత దగ్గరికే చేరతాయి. ఒకసారి చూస్తే నమ్మరు, మూడు నాలుగుసార్లు పోసుకుంటారు. పోసుకోనివ్వండి.

బహుమతి లేకపోతే ఆడతారా?

తోటి టీచర్లు నన్ను అడిగేది ఇదే. పోటీ లేకపోతే పిల్లలకు ఉత్సాహం ఉండదంటారు. నేను చూసింది వేరు. బహుమతి ఉన్నప్పుడు ఉత్సాహమంతా చీటీ వేసే క్షణంలో, పేరు చదివే క్షణంలో ఉంది. ఆ రెండిటి మధ్య సీసా వైపు ఎవరూ చూడలేదు. పైగా బహుమతి ఉన్నచోట అంచనా మార్చుకోవడం మోసం అవుతుంది. "మొదట యాభై అన్నావు, ఇప్పుడు మాట మారుస్తావా?" అని పిల్లలే పట్టుకుంటారు. మాట మీద నిలబడాలని ఇంట్లో మనం నేర్పుతాం, అది మంచిదే. కానీ కొత్త ఆధారం చూశాక కూడా యాభై మీదే నిలబడే పిల్లకు లెక్కల్లో నేనేం నేర్పినట్టు?

ఇంకో అభ్యంతరం సమయం. నలభై నిమిషాల పీరియడ్ దీనికి చాలదు, ఆ మాట నిజం. నేను రెండు రోజులకు విడగొడతాను. మొదటి రోజు ఒకటో, రెండో సంఖ్యలు. సీసాను మూతపెట్టి బీరువా మీద ఉంచేస్తాను. మర్నాడు సగం లెక్క, పూర్తి లెక్క, అడుగులు. రాత్రి మధ్యలో పడడం వల్ల ఇంకో లాభం కూడా కలిగింది. పిల్లలు ఇంటికెళ్ళి అడుగుతారు. ఈ ఏడాది ఒక పిల్లవాడు పొద్దున్నే వచ్చి, "మా నానమ్మ గింజలు లెక్కపెట్టదంట టీచర్. గిద్దతో కొలుస్తుందంట. నాలుగు గిద్దలైతే సోల అంట" అన్నాడు.

వచ్చే సోమవారం వాళ్ళ నానమ్మ గిద్ద తెస్తానన్నాడు. మా తేనె సీసాలోని రాజ్మా దాన్లో ఎంతవరకు వస్తాయో ఇంకా పోసి చూడలేదు. కాగితాలు ఇరవై ఎనిమిది జిరాక్సు తీయించి ఉంచాను, నాకు ఒకటి.